ఆప్షన్‌కు వేసిన పాఠాలు

బోర్డు పరీక్షలకు ముందు కాలేజీలో పెట్టే ప్రిలిమ్ పరీక్షలో, ఫిజిక్స్‌లో నాకు డెబ్బైకి పంతొమ్మిది వచ్చాయి. పాసవడానికి ఇరవై ఐదు కావాలి. మా వదినకు యాభై నాలుగు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే బల్ల ముందు కూర్చుని చదివాం అని రాయబోయాను. అది అబద్ధం. ఆమె చదివింది, నేను రాశాను. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి జనవరి నెల చివరికి వచ్చింది.

మహారాష్ట్రలో చంద్రపూర్ పట్నం, అందులో బాబుపేట్‌లో మా అత్త ఇల్లు. అత్త అంటే మా బాపుకు సొంత అక్క. మాది జివతి కొండల మీద ఊరు, పత్తీ కందీ పండిస్తాం. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. తెలుగు అక్షరాలు బాపు నేర్పాడు గనుక ఈమాత్రం రాయగలుగుతున్నాను. పదోతరగతి దాకా మరాఠీలో చదివిన నేను పదకొండులో సైన్సు తీసుకున్నాను. సైన్సు అంతా ఇంగ్లీషులోనే. నర్సు కావాలన్నది నా కోరిక. "పన్నెండు పాసైతే నర్సింగ్‌ల ఏస్త. కాకుంటే ఇంటికి రావాలె బిడ్డా, మల్ల మల్ల సదివిచ్చేటంత ఓపిక నాకు లేదు" అని చెప్పి మరీ బాపు నన్ను అత్త ఇంట్లో దింపి వెళ్ళాడు.

అత్త కూతురు నాకంటే ఆరు నెలలు పెద్ద, అందుకే వదిన. మొదటి రోజు నుంచీ తన మంచం మీద సగం చోటు ఇచ్చింది. ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పింది. మరాఠీ పిల్లలు నా యాసను వెక్కిరిస్తే వాళ్ళ మీదికి గొడవకు పోయింది. ఇవన్నీ కూడా నిజమే. వీటిని వదిలేసి మిగతాది మాత్రమే చెబితే నా కోపానికి సుఖంగా ఉంటుంది గానీ, అది న్యాయం కాదు.

పన్నెండో తరగతి దీపావళి సెలవుల తర్వాత మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఫిజిక్స్‌లో పదహారు పాఠాలు. మొదటి ఎనిమిదికి నేను నోట్స్ రాయాలి, తర్వాతి ఎనిమిదికి, అంటే కరెంటు, అయస్కాంతం, అణువులు ఉన్న సగానికి ఆమె రాయాలి. రాశాక ఒకరికొకరం ఇచ్చుకోవాలి, చెప్పుకోవాలి. దానికి తోడు ప్రాక్టికల్ జర్నల్స్ ఉన్నాయి. ప్రయోగశాలలో చేసిన ప్రతి ప్రయోగాన్నీ బొమ్మలతో, పట్టికలతో ఒక పుస్తకంలో రాసి మేడంతో సంతకం పెట్టించుకోవాలి. అది లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది.

"పిల్లా, నీ రాత ముత్యాల లెక్క ఉంటది. నా జర్నల్ గూడ నువ్వే రాయరాదు? నేను గంతల మన ఇద్దరికి కష్టమున్న పాఠాలు సదివి పెడ్త" అంది వదిన.

ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. మూడు జర్నల్స్ నావి, మూడు ఆమెవి. నవంబరు, డిసెంబరు నెలలు నేను కప్పల బొమ్మలూ కటకాల బొమ్మలూ రెండేసి సార్లు గీస్తూ కూర్చున్నాను. నా ఎనిమిది పాఠాల నోట్స్‌లో ఏడు పూర్తిచేసి ఆమెకు ఇచ్చేశాను. మిగిలిన ఒక్కటి థర్మోడైనమిక్స్, అది సగంలో ఉండగా ఆమె బయాలజీ జర్నల్ మీద పడ్డాను. ఆ సగాన్ని కూడా ఆమెకే ఇచ్చాను.

ఆమె ఎనిమిది పాఠాలు మాత్రం నా దగ్గరికి రాలేదు. అడిగినప్పుడల్లా ఒకటే మాట.

"నేనే ఇంక ముట్టలే పిల్లా. అవి ఆప్షన్‌కు ఏద్దాం తియ్. ప్రిలిమ్‌ల అన్ని యాడ అడుగుతరు?"

చంద్రపూర్‌లో పన్నెండు చదివిన ఎవరినైనా అడగండి, ఆప్షన్‌కు వేయడమంటే ఏమిటో చెబుతారు. పేపర్లో పన్నెండు ప్రశ్నలిచ్చి ఎనిమిది రాయమంటారు కదా, ఆ వదిలే నాలుగూ మనకు రాని పాఠాల్లోవే అవుతాయని ముందే అనుకుని, ఆ పాఠాలను అసలు తెరవకుండా ఉండటం. అందరూ ఒకటో రెండో వేస్తారు. నేను ఎనిమిది వేశాను. వదిన కూడా వేసిందనే ధైర్యంతో వేశాను. మునిగితే ఇద్దరం మునుగుతాం అనుకున్నాను.

ప్రిలిమ్ రోజు పేపర్ మొదటినుంచి చివరిదాకా తిప్పాను. సగం పేపర్ నాకు తెలియని భాషలో ఉంది. పక్క వరుసలో వదిన తలెత్తకుండా రాస్తోంది. రెండుసార్లు అదనపు కాగితం కూడా అడిగి తీసుకుంది.

మార్కులు వచ్చిన రోజు కాలేజీ మెట్ల మీద నిలదీశాను. "గదేంది వదినె, నువ్వు సదవలేదంటివి గదా?"

"నిజంగనే సదవలే. లక్కు కొద్ది గుర్తొచ్చింది" అంది. నవ్వుతూనే అంది. నా పేపర్ అందుకుని మార్కులు చూసి, అయ్యో అంటూ నా వీపు నిమిరింది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఫెయిలైన వాళ్ళు పేపర్ మీద తల్లిదండ్రుల సంతకం తేవాలి. బాపు పత్తి తీసే కూలీలను వదిలేసి ఎర్ర బస్సులో వచ్చాడు. అత్త ముందు గదిలో కుర్చీలో కూర్చుని, పేపర్ను ఒక్కో పేజీ తిప్పాడు. ఆయనకు ఫిజిక్స్ తెలియదు గానీ ఖాళీ పేజీలు తెలుస్తాయి.

"ఏమైంది బిడ్డా?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఏమైతది తమ్మీ, ఎప్పుడు జూడు ఫోన్లనే ఉంటది. మా పిల్లను జూడు, అదే గదిల ఉండి సదువుతలేదా?"

నా ఫోను చార్జింగు నిలవని పాత ఫోను. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నేను వదిన వైపు చూశాను. ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వెనకాల బల్ల మీద ఆమె జర్నల్స్ మూడూ ఉన్నాయి, నా చేతిరాతతో, నేను వేసిన అట్టలతో. "లేదమ్మా, అది నాకోసం రాస్తుండె" అని ఒక్క మాట అంటే చాలు. ఆమె కాలి బొటనవేలితో నేలమీద గీతలు గీస్తూ ఉండిపోయింది.

నేనైనా చెప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ ఇంటి అన్నం తింటున్నదాన్ని. నా తప్పు లేదంటే వాళ్ళ పిల్ల తప్పు ఉన్నట్టే. అత్తకూ బాపుకూ మధ్య తగాదా పెట్టే దమ్ము నాకు లేకపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని మా నాయనమ్మ అంటుండేది. అప్పటిదాకా అది విత్తనాల సంగతే అనుకునేదాన్ని.

బాపు సంతకం పెట్టాడు. బస్టాండు దాకా నేను కూడా వెళ్ళాను. బస్సు ఎక్కేముందు, "నెల రోజులున్నయ్. అయితే జూడు. కాకుంటే నన్ను దిట్టుకోకు" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఇంటికి వచ్చి రూళ్ళకర్రతో గీతలు కొట్టి టైంటేబుల్ తయారుచేశాను. పొద్దున నాలుగింటికి లేవాలి, రాత్రి పదకొండుకు పడుకోవాలి. ఆరు సబ్జెక్టులూ రోజూ చదవాలి. ఫిజిక్స్ మొదటి పాఠం మొదటి పేజీ నుంచి మొదలు. ఎర్ర స్కెచ్ పెన్నుతో పైన 'పాస్' అని రాసి రెండు గీతలు కూడా కొట్టాను. మొదటి రోజు పద్నాలుగు గంటలు కూర్చున్నాను. రెండోరోజు తొమ్మిది. మూడోరోజు పుస్తకం మీదే నిద్రపోయాను. లేచి చూస్తే ఆ రోజు గడులన్నీ ఖాళీ, నిన్నటివి సగం ఖాళీ. ఆ కాగితం చూస్తేనే ఏడుపు వచ్చింది. అప్పటికి మూడు రోజులు పోయాయి.

నాలుగోరోజు సంతకాల పేపర్ ఇవ్వడానికి ఫిజిక్స్ మేడం దగ్గరికి వెళ్ళాను. ల్యాబ్ పక్కనున్న చిన్న గదిలో కూర్చుని ఆమె జర్నల్స్‌కు సర్టిఫికెట్ పేజీలు నింపుతోంది. మేడం మాట్లాడేది మరాఠీ, నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను.

"ఈ నెల ఎట్ల చదువుతావు?" అని అడిగింది. నేను గర్వంగా నా టైంటేబుల్ చూపించాను. ఒక నిమిషం చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ఇది చదువు కాదు, శిక్ష. నాలుగు రోజులు కూడా నిలవదు. నిలిచిందా?"

నేను టైంటేబుల్‌ను నాలుగు మడతలు పెట్టాను.

"రాబోయే నెల సంగతి తర్వాత. పోయిన రెండు నెలలు ఎక్కడ పోయినయో ముందు రాసుకురా. వారం వారం రాయి. అబద్ధం రాయకు, నాకు చూపించకున్నా సరే."

అక్కడే బల్ల మీద కూర్చుని రాశాను. నవంబరు రెండోవారం: ఫిజిక్స్ జర్నల్. మూడోవారం: ఫిజిక్స్ జర్నల్. నాలుగోవారం: కెమిస్ట్రీ జర్నల్, మళ్ళీ కెమిస్ట్రీ జర్నల్. మేడం ఎదుటినుంచి తలకిందులుగానే ఆ కాగితం చదివింది. ఒకే జర్నల్‌కు రెండేసి వారాలు ఎందుకని అడగలేదు. పక్కనున్న దొంతరలోంచి రెండు జర్నల్స్ తీసి పక్కపక్కన తెరిచింది. ఒకటి నాది, ఒకటి వదినది. ఒకే గుండ్రని రాత, ఒకేలా నీడ వేసిన కటకాలు.

మేడం రెండూ మూసేసింది. "ప్రతి ఏడూ ఇదే. సంతకం పెట్టేటప్పుడు చూడకపోవడం నా తప్పు. ఇంత రాసినవు గదా, ఇందులో ఒక్క ప్రయోగమన్నా చూడకుండా చెప్పగలవా?" అంది. ఒకటి చెప్పబోయాను, మధ్యలో ఆగిపోయాను. రాస్తే వచ్చేస్తుందని నా నమ్మకం. రెండేసి సార్లు రాసినా రాలేదు.

తర్వాత ఎన్ని పాఠాలు వదిలావని అడిగింది. ఎనిమిది ఆప్షన్‌కు వేశానన్నాను. మేడం పెన్ను కింద పెట్టేసింది.

"ఒక్కో పాఠానికి నాలుగైదు మార్కులు. ఆప్షన్‌తో కలిపితే ఐదు నుంచి ఏడు. ఏ పాఠమూ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు. ఒకటి వదిలితే ఆప్షన్ కాపాడుతుంది, రెండు వదిలితే కష్టంగా కాపాడుతుంది. ఎనిమిది వదిలితే సగం పేపర్ పోయినట్టే. పైగా మొదటి పద్దెనిమిది మార్కుల చిన్న ప్రశ్నలకు ఆప్షన్ అసలు ఉండదు, అవి అన్ని పాఠాల్లోంచీ వస్తాయి. ఆప్షన్ ప్రశ్నకు ఉంటుంది పిల్లా, పాఠానికి ఉండదు. ఎవరు చెప్పారు నీకు ఎనిమిది వదలమని?"

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు. మంచితనం మాత్రం కాదు.

మేడం ఒక తెల్ల కాగితం తీసి బోర్డు టైంటేబుల్ పక్కన పెట్టింది. మొదటి పేపర్ ఇంగ్లీషు, తర్వాత మరాఠీ, తర్వాత మూడు రోజులు ఖాళీ, ఆపైన ఫిజిక్స్. ఫిజిక్స్ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టించింది. ముప్పై నాలుగు ఉన్నాయి.

"ఇప్పుడు నీవి కాని రోజులు కొట్టేయి."

ప్రాక్టికల్ పరీక్షలు మూడు రోజులు, రెండు పేపర్ల రోజులు, హాల్‌టికెట్ తెచ్చుకోవడానికి ఒక పూట, సెండాఫ్ ఒక పూట. పరీక్షలు మొదలయ్యేలోపు ఆదివారాలు నాలుగూ పక్కన పెట్టమంది. ఆరోజు పాత బోర్డు పేపర్ తీసుకుని, గడియారం పెట్టుకుని, మూడు గంటలు లేవకుండా రాయాలి. మధ్యాహ్నం దిద్దుకోవాలి. ఇంగ్లీషు, మరాఠీ పేపర్లకు ముందురోజు ఆ సబ్జెక్టుకే. ఫిజిక్స్‌కు ముందున్న మూడు రోజులూ కొట్టించింది. అన్నీ కొట్టేస్తే పందొమ్మిది రోజులు మిగిలాయి. నా ఎర్ర టైంటేబుల్‌లో ముప్పై నాలుగుకు ముప్పై నాలుగు రోజులూ నావే అనుకున్నాను.

"రోజుకు మూడు పూటలు. పొద్దున పూట బుర్ర మంచిగ ఉంటది, అది ఫిజిక్స్‌కు. మధ్యాహ్నం ఒకరోజు కెమిస్ట్రీ, ఒకరోజు బయాలజీ. సాయంత్రం భాషలు, భూగోళం. ఒక పూటకు ఒకటే సబ్జెక్టు. పాఠాలు పదహారు, పొద్దున పూటలు పందొమ్మిది. మిగిలిన మూడింట్లో ఏమీ రాయకు, ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగనా?"

"జ్వరమొస్తది, చుట్టాలొస్తరు, ఒక పాఠం ఎంతకీ ఎక్కది. అప్పుడు ఆ ఖాళీల్లో సర్దుకుంటవు. ఖాళీ లేని ప్లాను ఒక్కరోజు తప్పితే మొత్తం కూలుతది."

పదహారు పాఠాలకూ పక్కన గుర్తులు పెట్టించింది. పూర్తిగా వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. పూర్తిగా వచ్చినవి రెండే. సగం వచ్చినవి ఆరు. వాటితోనే మొదలుపెట్టమంది. మార్కులు తొందరగా చేతికి వచ్చేది అక్కడేనట. రానివాటిలో మొదట ఉత్త నిర్వచనాలూ, సూత్రాలూ, చిన్న లెక్కలూ. ఏది చదివినా పుస్తకం మూసి కాగితం మీద రాయాలి. ఫిజిక్స్‌కు ముందున్న మూడు ఖాళీ రోజుల్లో ఒక్క కొత్త పాఠం కూడా తెరవకూడదు, అవి తిరగేసుకోవడానికే.

ఇదంతా ఎవరికైనా తెలిసిందే అనిపిస్తుంది. నాకు తెలియదు. మా ఇంట్లో పన్నెండో తరగతి దాకా వచ్చింది నేనే మొదలు, చెప్పేవాళ్ళు లేరు. తెలిసిన మనిషి నా పక్కనే, అదే మంచం మీద పడుకునేది.

పాత పేపర్లకోసం మరునాడు బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపుకు వెళ్ళాను. మేమిద్దరం ఎప్పుడూ అక్కడికే వెళ్ళేవాళ్ళం. షాపాయన నన్ను చూడగానే ఒక కాగితాల కట్ట తీసి గల్లా మీద పెట్టాడు. "మీ అక్క ఒరిజినల్ ఇక్కడే మరిచిపోయింది. క్లాసుల దోస్తులకని నాలుగు సెట్లు తీయించి, అవి పట్టుకుని పోయింది."

వదిన చేతిరాత. కరెంటు పాఠంతో మొదలు. ఎనిమిది పాఠాలూ ఉన్నాయి. సూత్రాలకు చుట్టూ డబ్బాలు, ముఖ్యమైన ప్రశ్నలకు చుక్కలు, చదివే వాళ్ళకు కళ్ళు నొప్పిపుట్టకుండా వరస వదిలి వరస. మొదటి పేజీ పైన తేదీ వేసి ఉంది, డిసెంబరు మొదటి వారం. 'నేనింక ముట్టలే' అని ఆమె నాతో చెప్పిన రోజులు అవే. ఆ వారం నేను ఆమె బయాలజీ జర్నల్‌లో పువ్వు నిలువుకోత గీస్తున్నాను.

నాలుగు సెట్లు. ఒకటి ఆమె బెంచీ మీది పిల్లకు అయి ఉంటుంది, ఒకటి ఇంకెవరికో. నలుగురికి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. తాను ఒక్కతే దాచుకుని చదివి ఉంటే భయం కొద్దీ దాచుకుందిలే అనుకునేదాన్ని. ఊరందరికీ పంచి ఇంట్లోదానికి లేదంది. ఎందుకో నాకు తెలుసు. మొదటి సెమిస్టర్‌లో నాకు ఆమెకంటే ఆరు మార్కులు ఎక్కువొచ్చాయి. "ఊరి పిల్ల, మరాఠీ మీడియం, అయినా జూడు" అని మామ భోజనాల దగ్గర అన్నాడు. వదిన అప్పుడు కూడా నవ్వింది. తడిగుడ్డతో గొంతు కోయడం అని విన్నాను గానీ, ఇంత మెత్తగా కోస్తారని తెలియదు.

"ఇది కూడా తీసుకుపోతవా?" అన్నాడు షాపాయన.

ఒక సెట్టు తీయించుకుని పోవచ్చు. రెండు నిమిషాల పని. ఆ కట్టమీద నా చెయ్యి ఉంది కూడా. రెండు నెలలు నేను చేసిన చాకిరీకి అది నాకు రావలసిందే. కానీ దొంగలాగా కాపీ తీసుకుంటే, ఆమె ఇవ్వలేదన్న సంగతి మాసిపోతుందనిపించింది. నాకది మాసిపోవడం ఇష్టం లేదు.

"ఆమెకే ఇయ్యండి" అని పాత పేపర్లు మాత్రం తీసుకుని వచ్చేశాను.

ఆ నెల నేను వదినతో మాట్లాడకుండా లేను. అన్నం పెట్టావా, తలుపు వేశావా, అన్నీ మాట్లాడాను. చదువు మాట మాత్రం ఎత్తలేదు. మేడం ఇచ్చిన కాగితాన్ని గోడకు అంటించలేదు, భూగోళం పుస్తకంలో పెట్టుకున్నాను. పొద్దున పూట మేడమీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేదాన్ని. గంటసేపు కూర్చుంటే పుస్తకం మీద గనుల వైపునుంచి వచ్చే నల్లటి బొగ్గు దుమ్ము సన్నగా పడేది. చేత్తో తుడిస్తే అంటుకుంటుంది, ఊదాలి.

మొదటి ఆదివారం పాత పేపర్ రాస్తే ఇరవై ఆరు. రెండో ఆదివారం ఇరవై నాలుగు! రెండు తగ్గాయి. కాగితం చింపేయబోయాను. మరునాడు మేడం ఆ పేపర్ చూసి, "పాఠం తక్కువ కాలేదు, టైం తక్కువైంది. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసినవు. మార్కుకు రెండున్నర నిమిషాలు, దాటితే వదిలేసి ముందుకు పో" అంది. మూడో ఆదివారం ముప్పై అయిదు. ప్రాక్టికల్ వారంలో రెండు పొద్దున పూటలు పోయాయి, ఖాళీగా వదిలిన వాటిలో సర్దుకున్నాను. ఒక పాఠాన్ని మాత్రం ఎంత కుస్తీపట్టినా నాకు ఎక్కలేదు. మేడంను అడిగి దాన్ని ఆప్షన్‌కు వేశాను. ఒక్కదాన్ని. ఆ ఒక్కటి ఆల్టర్నేటింగ్ కరెంటు.

ఇంగ్లీషు, మరాఠీ అయిపోయాయి. ఫిజిక్స్‌కు ముందురోజు మధ్యాహ్నం వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతిలో నేను రాసిచ్చిన నోట్స్ ఉంది.

"పిల్లా, థర్మోడైనమిక్స్ నువ్వు సగమే రాసిచ్చినవు. గా కార్నో సైకిల్ నాకు అర్థమైతలేదు. జర చెప్పరాదు?"

కార్నో సైకిల్ నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. నాలుగు దశలు, బొమ్మ, సామర్థ్యం సూత్రం. ఆ వారంలోనే పుస్తకం మూసి మూడుసార్లు రాశాను. చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆమె ముఖంలో నిజంగానే భయం కనబడింది. నాకు గుమ్మంలో బొటనవేలితో గీతలు గీసిన రోజు గుర్తొచ్చింది. గల్లా మీది కట్ట గుర్తొచ్చింది.

"నేనింక ముట్టలే వదినె. దాన్ని ఆప్షన్‌కు ఏసిన" అన్నాను.

"గట్లనా" అని లేచి వెళ్ళిపోయింది. సంతోషం వేసిందా అంటే వేసింది. దాచను. కడుపు నిండా వేసింది.

మరునాడు కార్నో సైకిల్ నాలుగు మార్కులకు వచ్చింది.

పరీక్షా కేంద్రం గేటు బయట ఎప్పుడూ ఉండే సంతే. అందరూ ప్రశ్నపత్రాలు ముందేసుకుని ఏది రాశావు, ఏది వదిలావు అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. రాసిన ప్రశ్న పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోవడం మా అందరికీ అలవాటు, రాయాల్సినన్ని రాశామో లేదో లెక్క తప్పకుండా. నేను చెప్పుల దగ్గర నిలబడి సంచి సర్దుకుంటుంటే వదిన వచ్చి నా చేతిలోంచి ప్రశ్నపత్రం లాక్కుంది, ఎప్పటిలాగే, చనువుగా. పైనుంచి కిందికి చూసుకుంటూ పోయింది. ఆఖరి పేజీ దగ్గర ఆగింది.

"కార్నో రాసినవా? ఆప్షన్‌కు ఏసిన అన్నవు గదా?"

నేను అనుకుని అన్న మాట కాదు. అంతకుముందే ఎక్కడో తయారై ఉన్నట్టు దానంతటదే వచ్చేసింది.

"లక్కు కొద్ది గుర్తొచ్చింది."

నేను నవ్వుతూనే అన్నాను. ఆమె ముఖం చూశాక గానీ తెలియలేదు, నేను నవ్వుతున్నానని.

వదిన నా కళ్ళలోకి చూసింది. కోపం లేదు. ఆ మాట ఎక్కడిదో ఆమెకు గుర్తొచ్చింది, మెట్లూ, నా పంతొమ్మిదీ, నా వీపు నిమిరిన చెయ్యీ అన్నీ. ప్రశ్నపత్రాన్ని మడతలు విప్పి, మళ్ళీ మెల్లగా మడిచి నా చేతిలో పెట్టింది.

"జిరాక్సాయన చెప్పిండు, నువ్వు చూసినవని" అంది. "ఇన్ని దినాలు ఎప్పుడడుగుతవా అని జూస్తున్న."

అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇద్దరం ఒకే ఆటోలో, ఒకే సీటు మీద, మధ్యలో సంచులు పెట్టుకుని బాబుపేట్ వచ్చాం. ఇంకా మూడు పేపర్లున్నాయి. కెమిస్ట్రీకి మధ్యలో ఒక్కరోజే ఖాళీ.

ఫలితాల్లో ఫిజిక్స్ ప్రాక్టికల్‌తో కలిపి నాకు అరవై ఏడు, ఆమెకు డెబ్బై నాలుగు. ఇద్దరం పాసయ్యాం. బాపు మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు నర్సింగ్‌లో ఆఖరి ఏడు చదువుతున్నాను. పరీక్షల నెల రాగానే హాస్టల్లోని జూనియర్ పిల్లలు నా గదికి వస్తారు, టైంటేబుల్ వేసిపెట్టమని. నావి కాని రోజులు కొట్టేసి, ఖాళీలు వదిలి, వెనకనుంచి లెక్కపెట్టి అందరికీ వేసిస్తాను. అడిగిన పాఠం చెబుతాను. ఎవరికీ లేదనను.

వదినకు మాత్రం ఆ పది నిమిషాలు ఇప్పటికీ బాకీ ఉన్నాను. ఆమె నాకు ఎనిమిది పాఠాలు బాకీ. పండుగలకు కలిసినప్పుడు చీరల గురించి మాట్లాడుకుంటాం.